పెళ్లయిన మొదటి ఏడాది ఇంటి లెక్క: ఒకరిది ఖర్చు చేయి, ఒకరిది పొదుపు చేయి అయితే ఏ పద్ధతి మేలు?

హన్మకొండలో కిరాయికుండే ఒక కొత్త జంటను ఊహించుకుందాం. పెళ్లి మే నెలలో అయింది. అతని జీతం 38,000, ఆమెది 27,000. అతనికి దోస్తులు, దావత్‌లు, ఆన్‌లైన్ ఆర్డర్లు, పెళ్లికి ముందు తీసుకున్న బండి మీద ఈఎంఐ ఉన్నాయి. ఆమె చేతికొచ్చిన పైసను ఏదో ఒకచోట కట్టేసేదాకా ఊరుకోదు: ఇరవై నెలల లక్ష రూపాయల చిట్టీకి నెలకు 5,000, ఆర్‌డీకి 6,000. ఇద్దరి అలవాట్లు కలిసిన నెల లెక్క ఇది.

| పద్దు | నెలకు (రూ.) |
|---|---|
| ఇంటి ఖర్చు: కిరాయి 9,000, కిరాణం-పాలు-కూరగాయలు 9,500, కరెంటు-గ్యాస్-నెట్-ఫోన్లు 3,500, పెట్రోలు 4,000, మందులు 1,500 | 27,500 |
| రెండు ఇళ్ల తల్లిదండ్రులకు (అతను 6,000, ఆమె 3,000) | 9,000 |
| అతని బండి ఈఎంఐ | 4,200 |
| ఆమె చిట్టీ | 5,000 |
| ఆమె ఆర్‌డీ | 6,000 |
| అతని సొంత ఖర్చు | 11,000 |
| ఆమె సొంత ఖర్చు | 1,500 |
| మొత్తం | 64,200 |

65,000 వస్తే 64,200 పోతోంది, పైగా 800 మిగిలింది. చూడ్డానికి లెక్క కుదిరినట్టే ఉంది. ఇదే జంట దసరాకు క్రెడిట్ కార్డు గీకుతుంది, సంక్రాంతికి ఆమె అన్నను అడుగుతుంది. ఎందుకంటే పై పట్టికలో నెల ఉంది గానీ ఏడాది లేదు.

మొదటి ఏడాదికి నెలనెలా రాని ఖర్చులు చాలా ఉంటాయి. ఆషాఢంలో ఆమె తల్లిగారింటికి వెళ్లిరావడం, శ్రావణంలో బట్టలు కలిపి 8,000. బతుకమ్మ, దసరాలకు రెండు ఇళ్లకూ బట్టలు, ప్రయాణం, మాంసం, మిఠాయిలు 22,000. దీపావళికి 6,000. సంక్రాంతికి 10,000. వేములవాడ కోడె మొక్కు, కొమురవెల్లి పట్నాలు లాంటి మొక్కులకు చుట్టాలను బండి మాట్లాడి తీసుకెళ్తే 15,000. చుట్టాలు, స్నేహితుల పెళ్లిళ్లలో చదివింపులు 24,000. బండికీ ఆరోగ్యానికీ బీమా 18,000. వాషింగ్ మెషీన్, మంచం, కూలర్ లాంటి ఇంటి సామాను 30,000. మొత్తం 1,33,000. పన్నెండుతో భాగిస్తే నెలకు దాదాపు 11,000. సరి సంవత్సరాల మాఘంలో వచ్చే మేడారం జాతర మీ మొదటి ఏడాదిలో పడితే నిలువెత్తు బంగారానికి, అంటే బెల్లానికి, ప్రయాణానికి మరో పద్దు కలపాలి.

కొన్ని వేలు అటూ ఇటూ కావచ్చు. మీ అంకెలు మీరు వేసుకోండి, కానీ ఈ వరస మాత్రం మారదు. ఇక్కడ తప్పు అతని 11,000ది మాత్రమే కాదన్నది గమనించాలి. ఆమె ఆర్‌డీలో వేసిన 6,000 కూడా పండుగకు చేతికి రాదు. పొదుపు మనిషి కూడా బడ్జెట్‌ను దెబ్బతీయగలరు. ఖర్చు మనిషి పైసలను కరిగిస్తే, పొదుపు మనిషి వాటికి తాళం వేస్తారు. దసరా నాటికి రెండింటి ఫలితం ఒకటే, చేతిలో ఉండవు.

## ఏ పద్ధతినైనా దేనితో కొలవాలి?

మా లెక్కలో నాలుగు ప్రశ్నలు చాలు.

ఒకటి, ఏడాదిలో మీద పడే ఆ 1,33,000కు పద్ధతిలో ముందే చోటుందా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే.

రెండు, ఖర్చు మనిషికి అడగకుండా వాడుకునే పైసలు ఎంతో కొంత ఉన్నాయా? లేకపోతే దాచడం మొదలవుతుంది.

మూడు, తక్కువ జీతం ఉన్నవాళ్ల చేతిలో నెలాఖరుకు ఏమైనా మిగులుతుందా?

నాలుగు, ఒక జీతం ఆగితే పద్ధతి నిలుస్తుందా? గర్భం, బదిలీ, ఉద్యోగం మారడం మొదటి ఏడాదిలో అరుదు కాదు.

## పద్ధతి 1: రెండు జీతాలూ ఒకే కుండలో

రెండు జీతాలూ ఉమ్మడి ఖాతాలో పడతాయి, అన్ని ఖర్చులూ అందులోంచే. ఇద్దరికీ ప్రతి ఖర్చూ కనిపిస్తుంది. ఒకరి జీతం ఆగినా ఇల్లు నడుస్తుంది. ఇద్దరి అలవాట్లూ దగ్గరగా ఉన్న జంటకు ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు.

అలవాట్లు దూరమైతే ఈ కుండే గొడవకు మూలం. రాత్రి భోజనాల దగ్గర "ఈ 480 దేనికి?" అన్న ప్రశ్న వస్తుంది. నాలుగోసారికి అతను చెప్పడం మానేస్తాడు. దాన్ని పట్టుకోవడానికి ఒక గుర్తుంది. అంతకుముందు చాయ్‌కి కూడా ఫోన్‌తో కట్టిన మనిషి ఏటీఎంలో రెండు వేలు, మూడు వేలు తీయడం మొదలుపెడతాడు, లేదా తెలిసిన దుకాణంలో ఉద్దెర పెడతాడు. ఆ ఖర్చు ఆగలేదు, కనపడకుండా పోయిందంతే.

ఈ పద్ధతే కావాలనుకుంటే ఒక మార్పు చేయాలి. ఒకటో తారీఖునే చెరో 4,000 సొంత ఖాతాలకు పంపించి, ఆ పైసల గురించి అడగకూడదని ఒప్పుకోవాలి. అప్పుడది దాదాపు నాలుగో పద్ధతి అయిపోతుంది.

## పద్ధతి 2: ఎవరి జీతం వాళ్లది, ఇంటి ఖర్చు సగం సగం

వినడానికి న్యాయంగా ఉంటుంది. అంకెలు పెట్టి చూడండి. ఇంటి ఖర్చు 27,500, ఏడాది ఖర్చుల కోసం 11,000, కలిపి 38,500. సగం 19,250.

అతనికి మిగిలేది 18,750. అందులోంచి తల్లిదండ్రులకు, ఈఎంఐకి 10,200 పోతే 8,550 చేతిలో ఉంటుంది. ఆమెకు మిగిలేది 7,750. తల్లిదండ్రులకు 3,000, చిట్టీకి 5,000 కట్టాలంటే ఇంకా 250 తక్కువ. అంటే ఎక్కువ ఖర్చు పెట్టే మనిషి దగ్గర ఎనిమిదిన్నర వేలు, ఒక్క రూపాయి వృథా చేయని మనిషి దగ్గర సున్నా కంటే తక్కువ. ఏ నెలలో అలిగి తల్లిగారింటికి ఫోన్ చేస్తుందో చెప్పనక్కర్లేదు.

ఇద్దరి జీతాలూ దాదాపు సమానమై, ఇద్దరికీ పాత అప్పులు లేకపోతే సగం సగం పనిచేస్తుంది. అయినా నాలుగో ప్రశ్న దగ్గర ఓడిపోతుంది. జీతం ఆగినవాళ్లు తమ సగం ఎక్కడి నుంచి తేవాలి?

## పద్ధతి 3: అంతా ఒకరి చేతిలో

మన పల్లెల్లో, ఉమ్మడి ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. జీతమంతా అత్తగారి చేతిలోనో, భార్య చేతిలోనో పెట్టి, రోజుకింత తీసుకోవడం. పొదుపు మనిషి చేతిలో ఉంటే ఏడాది ఖర్చులు చక్కగా దాటిపోతాయి. అది ఒప్పుకోవాలి.

కానీ 38,000 సంపాదించే మనిషి పెట్రోలుకు రెండు వందలు అడగాల్సి వస్తే ఎన్ని నెలలు అడుగుతాడు? క్రెడిట్ కార్డు తీసుకుంటాడు. కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే చాలా కార్డుల్లో నెలకు 3 శాతానికి పైగా వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 36 శాతం పైనే. ఇంటి లెక్క రాసే మనిషికి తెలియకుండా పెరిగే అప్పు ఇది.

ఈ పద్ధతి బాగా నప్పే చోటు ఒకటుంది: జీతం ఒక్కటే ఉండి, సంపాదించేవాళ్లు తమంతట తాము "నా చేతిలో ఉంటే నిలవవు, నువ్వే చూసుకో" అన్నప్పుడు. అప్పుడు కూడా ఇంటి లెక్క చూసేవాళ్లకు ఖాతా మీద సొంత హక్కు ఉండాలి, ఏటీఎం కార్డు చేతికిస్తే సరిపోదు.

## పద్ధతి 4: మూడు చోట్లు: ఇల్లు, ఏడాది, చేతిఖర్చు

మేం ఎక్కువ మందికి చెప్పేది ఇదే, కాబట్టి దీన్ని వివరంగా చూద్దాం.

ఇంటి ఖాతా ఒకటి, ఏడాది ఖాతా ఒకటి. ఎవరి జీతం ఖాతా వాళ్లదే, అందులో మిగిలింది వాళ్ల చేతిఖర్చు. మొదటి రెండింటికీ పైసలు జీతాల నిష్పత్తిలో వేస్తారు. 38, 27 అంటే సుమారు 58, 42 శాతాలు. 38,500లో అతని వాటా 22,500, ఆమెది 16,000.

| | అతను | ఆమె |
|---|---|---|
| జీతం | 38,000 | 27,000 |
| ఇల్లు, ఏడాది ఖాతాలకు | 22,500 | 16,000 |
| తల్లిదండ్రులకు | 6,000 | 3,000 |
| ఈఎంఐ / చిట్టీ | 4,200 | 5,000 |
| చేతిలో మిగిలేది | 5,300 | 3,000 |

ఇక్కడ ఒక ప్రశ్న తేలాలి: ఆమె చిట్టీ ఎవరిది? రేపు ఎత్తాక ఆ లక్ష ఇంటి కోసమే వాడతారనుకుంటే, చిట్టీని ఇంటి పద్దులో వేసి వాటాలు మళ్లీ కట్టాలి. అప్పుడు అతను 25,400, ఆమె 18,100 వేస్తారు. అతని చేతిలో 2,400, ఆమె చేతిలో 5,900 మిగులుతాయి. చూశారా, బొమ్మ తిరగబడింది. చిట్టీ మీద ఒప్పందం లేకుండా పద్ధతి మొదలుపెడితే, ఏడాది చివర "నా చిట్టీ", "మన చిట్టీ" అన్న మాట దగ్గర అంతా కూలిపోతుంది. బండి ఈఎంఐకీ ఇదే వర్తిస్తుంది. బండి మీద ఇద్దరూ తిరుగుతున్నప్పుడు అది అతని అప్పు మాత్రమేనా? మధ్యేమార్గంగా పెళ్లికి ముందు మొదలైనవి ఎవరివి వాళ్లే కట్టి, పెళ్లి తర్వాత మొదలయ్యేవి ఉమ్మడిలో వేస్తే ఎక్కువ జంటలకు కుదురుతుంది.

ఇప్పుడు ఆ నెలకు 11,000 ఎక్కడి నుంచి వచ్చింది? ఆమె ఆర్‌డీలోని 6,000 పేరు మార్చుకుని ఏడాది ఖాతాలోకి వచ్చింది. అతని సొంత ఖర్చులోంచి 5,000 వచ్చింది. ఇద్దరూ ఒక్కో మెట్టు దిగారు. ఒకరే దిగితే ఆరు వేలో, అయిదు వేలో మాత్రమే పోగవుతాయి, దసరాకు అవి చాలవు.

అతని ఖర్చును ఒకేసారి 11,000 నుంచి అయిదారు వేలకు దించకండి. మొదటి నెల 9,000, రెండో నెల 7,500, మూడో నెల నుంచి 5,300 దగ్గర ఆపండి. ఈ రెండు నెలల లోటు 5,900ను ఇంటి సామాను పద్దులోంచి తగ్గించుకోండి. ఒక్కసారిగా నోరు కట్టేసుకున్నవాళ్లు నాలుగో నెలలో మొత్తం వదిలేస్తారు.

ఆర్‌డీ ఆపే ముందు అది ఎక్కడ ఉందో చూడండి. బ్యాంకు ఆర్‌డీని ముందే మూసేస్తే వడ్డీ కొంత తగ్గుతుంది, అంతే. పోస్టాఫీసు అయిదేళ్ల ఆర్‌డీని మాత్రం మూడేళ్లు నిండకముందు మూయనివ్వరు. పన్నెండు వాయిదాలు కట్టాక అందులో సగం దాకా అప్పు తీసుకోవచ్చు. అలాంటిదైతే దాన్ని ఆపడం కుదరదు కాబట్టి వాషింగ్ మెషీన్‌ను ఏడాది వెనక్కి నెట్టడమే దారి.

చిట్టీని ఏడాది ఖాతాగా లెక్కపెట్టొద్దు. మొదటి నెలల్లో పాట పాడి ఎత్తితే తగ్గింపు ఎక్కువ పోతుంది, పైగా జమానతుకు జీతగాళ్లను వెతకాలి. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీలో నిర్వాహకుడి కమిషన్ 7 శాతం మించకూడదు. గల్లీలో కాగితం మీద నడిచే చిట్టీకి ఆ రక్షణ ఉండదు.

## ఏడాది ఖాతా ఎప్పుడు ఖాళీ అవుతుంది?

నెలకు 11,000 సరిపోతుందన్నది ఏడాది మొత్తం మీద మాట. మధ్యలో లోటు పడే నెలలు వేరే చూసుకోవాలి. మేలో పెళ్లయితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా 44,000 పోగవుతుంది. ఆషాఢం, శ్రావణాలకు 8,000, దసరాకు 22,000 పోతే 14,000 ఉంటుంది. కానీ ఆగస్టులో ఆఫర్ చూసి 30,000 పెట్టి సామాను కొంటే? ఆ నెలాఖరుకు చేతిలో ఉండేది 25,000 మాత్రమే, అప్పటికే 5,000 లోటు. దసరాలో ఎక్కువ భాగం అప్పు మీదే నడుస్తుంది. కాబట్టి పెద్ద సామాను సంక్రాంతి దాటాకే. జనవరి చివరికి ఈ లెక్కలో పండుగలు, ఒకటి రెండు పెళ్లిళ్ల చదివింపులు పోను 34,000 చేతిలో ఉంటాయి. ఫిబ్రవరిలో మరో 11,000 పడ్డాక కొంటే ఇబ్బంది లేదు. మొక్కులను, బీమాలను కూడా ఒకే నెలలో పడకుండా మార్చి, మేలకు సర్దుకోవచ్చు.

ఆషాఢంలో ఆమె తల్లిగారింట్లో ఉన్న నెల ఇంటి ఖాతాలో మూడు నాలుగు వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. అది మిగులు కాదు. అతను బయట తిన్నది చేతిఖర్చులోకి పోయింది, రాకపోకల పెట్రోలు ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ మిగులుతో ఏదీ కొనొద్దు.

పెళ్లిలో వచ్చిన చదివింపులు ఏడాది ఖాతాకు మొదటి పెట్టుబడి అవుతాయని ఆశపడొద్దు. చాలా ఇళ్లలో అవి పెళ్లి ఖర్చు పెట్టిన పెద్దల దగ్గరికే పోతాయి. కానీ ఆ చదివింపుల నోటుబుక్కు ఫోటో తీసి పెట్టుకోండి. రాబోయే రెండేళ్లలో ఎవరి పెళ్లిలో ఎంత తిరిగి పెట్టాలో అందులోనే ఉంది. 24,000 అన్న అంకె గాల్లోంచి వేయనక్కర్లేదు.

## బ్యాంకులో చేయాల్సింది

ఇంటి ఖాతాను "ఎయిదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో ఉమ్మడిగా తెరవండి. ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు. ఆధార్, పాన్, ఫోటోలు చాలు. ఆమె ఇంటిపేరు పాతదే ఉన్నా ఫర్వాలేదు, దానికోసం ఆధార్ మార్చుకునేదాకా ఆగొద్దు. తెరిచేటప్పుడే ఇద్దరి ఫోన్ నంబర్లతోనూ యూపీఐ నడుస్తుందో లేదో బ్రాంచిలో అడగండి. లేకపోతే రెండోవాళ్లు ప్రతి కూరగాయల బిల్లుకూ స్క్రీన్‌షాట్ పంపాల్సి వస్తుంది.

ఏడాది ఖాతాకు మాత్రం యూపీఐ వద్దు, ఏటీఎం కార్డు వద్దు. పొదుపు మనిషి పేరు మీద ఉన్న పాత ఖాతా సరిపోతుంది. జీతం పడ్డ మరుసటి రోజున పైసలు వాటంతట అవే ఈ ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. నెలాఖరుకు మిగిలింది వేద్దామంటే ఏ నెలా మిగలదు. ప్రతి పండుగ తర్వాత ఇద్దరూ కలిసి బ్యాలెన్స్ చూడాలి, లేకపోతే ఒకరి పేరు మీదున్నది ఒకరి సొమ్ములా మారిపోతుంది.

## మీరు ఏ కోవలోకి వస్తారు?

| మీ పరిస్థితి | మొదలుపెట్టాల్సింది | జాగ్రత్త |
|---|---|---|
| రెండు జీతాలు, అలవాట్లు దూరం | పద్ధతి 4, జీతాల నిష్పత్తిలో | చిట్టీ, ఈఎంఐ ఎవరివో ముందే తేల్చాలి |
| రెండు జీతాలు, అలవాట్లు దగ్గర | పద్ధతి 1 | ఏడాది ఖాతా మాత్రం విడిగా ఉండాలి |
| ఒకటే జీతం | పద్ధతి 4, చేతిఖర్చు ఇద్దరికీ సమానం | జీతం లేనివాళ్లు అడిగి తీసుకోకూడదు, ఒకటో తారీఖున పడిపోవాలి |
| అత్తమామలతో కలిసి | ఇంట్లోకి ఒక స్థిర మొత్తం ఇచ్చి, మిగతాదానికి పద్ధతి 4 | ఆ మొత్తం గ్యాసుకు, కిరాణానికి, పండుగకు దేనికో చెప్పుకోవాలి |
| పత్తి, మిర్చి, దుకాణం మీద రాబడి | ఇంటికి నెల జీతం కట్టుకుని పద్ధతి 4 | కింద చూడండి |

చివరి కోవలో పైసలు రావడం వేరుగా ఉంటుంది. పత్తి అక్టోబరు నుంచి, మిర్చి ఫిబ్రవరి నుంచి ఏనుమాముల మార్కెట్‌కు వస్తాయి. చేతిలో ఒకేసారి రెండు లక్షలు కనిపిస్తే ఖర్చు మనిషికి అంతా ఉన్నట్టే ఉంటుంది. ముందు వచ్చే వానాకాలం విత్తనాలు, ఎరువుల పెట్టుబడిని పక్కన పెట్టి, మిగిలినదాన్ని వచ్చే పంట చేతికొచ్చే నెలల సంఖ్యతో భాగించి, ఆ మొత్తాన్నే నెలజీతంలా ఇంటి ఖాతాకు పంపుకోవాలి. మిర్చి మార్చిలో అమ్మి, మళ్లీ పత్తి పైసలు నవంబరులో చూస్తామనుకుంటే ఎనిమిదితో భాగించాలి. ధర పడితే తగ్గాల్సింది ఆ నెలజీతం. పెట్టుబడిని ముట్టుకుంటే వచ్చే వానాకాలం అప్పుతోనే మొదలవుతుంది.

## దారి తప్పిందని ఎలా తెలుస్తుంది?

చేతిఖర్చు వరుసగా రెండు నెలలు 18వ తారీఖు లోపే అయిపోతుంటే ఆ మొత్తం తక్కువ పెట్టారని అర్థం, మనిషిని తప్పుపట్టే ముందు 1,000 పెంచి చూడండి. ఇంటి ఖాతాలోంచి దోస్తుకు బదులిచ్చినట్టు కనిపిస్తే, బదులు ఎప్పుడూ చేతిఖర్చులోంచే అని అప్పుడే గీత గీయండి. ఏడాది ఖాతాలోంచి పండుగ కాని దానికి తీస్తే, తీసినవాళ్లు మూడు నెలల్లో తిరిగి వేయాలి.

పొదుపు మనిషి వైపు గుర్తులు వేరు. చెప్పకుండా కొత్త చిట్టీలో చేరడం, బంగారం స్కీముకు నెలనెలా కట్టడం, ఇంటి ఖాతాలో పప్పు, నూనె తగ్గించి మిగిల్చినదాన్ని తన ఖాతాకు పంపుకోవడం. దాచే ఉద్దేశం మంచిదే అయినా ఇదీ దాచిపెట్టడమే. 2,000 దాటిన ఖర్చును ముందే చెప్పాలన్న నియమం ఉంటే, 2,000 దాటిన కొత్త పొదుపును కూడా ముందే చెప్పాలి.

సంక్రాంతి అయిన వారం, కనుమ మరునాడో ఆ తర్వాతి ఆదివారమో, రెండు ఖాతాల పాస్‌బుక్కులు ముందేసుకుని కూర్చోండి. అప్పటికి దసరా అసలు ఖర్చు తెలిసిపోతుంది. 22,000 అనుకున్నది 29,000 అయితే ఆ 7,000ను ఇంటి సామాను పద్దులోంచి తీసి రాసుకోండి, ఫిబ్రవరిలో వాషింగ్ మెషీన్ కొనాలా, కూలర్‌తో సరిపెట్టాలా అన్నది అక్కడే తేల్చుకోండి.